స్టాక్ మళ్ళీ వచ్చింది, వెయిటింగ్‌లో 47 మంది, ఉన్నవి 8. అందరికీ ఒకేసారి మెసేజ్ పెట్టాలా, వద్దా?

మల్కాజిగిరి_అక్క
ఇంట్లోంచే చేనేత అమ్ముతాను, షాపు లేదు, అంతా వాట్సాప్‌లోనే. సంక్రాంతికి ముందు పుట్టపాక నుంచి ఎరుపు-నలుపు తేలియా దుపట్టాలు తెప్పించాను, రెండు రోజుల్లో అయిపోయాయి. అప్పటి నుంచి ఎవరు అడిగినా "మళ్ళీ వస్తే చెప్తాను" అని పేరు, నంబరు, తారీఖు నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చాను, ఇప్పటికి 47 పేర్లయ్యాయి. నిన్న లాట్ వచ్చింది. 8 మాత్రమే.

నా భయం ఏంటంటే, పోయిన నెల నారాయణపేట కాటన్ చీరలకి ఇలాగే అయింది. 5 చీరలు వచ్చాయి, అడిగినవాళ్ళు 31 మంది, రాత్రి 9కి అందరికీ ఒకే మెసేజ్ కొట్టేశాను, కింద యూపీఐ నంబరు కూడా ఇచ్చేశాను. పొద్దున లేచేసరికి 13 మంది డబ్బులు వేసేశారు. ఎవరు ముందు వేశారో బ్యాంకు మెసేజ్‌ల టైమింగ్ పెట్టి చూసి 8 మందికి తిరిగి పంపడానికి నాలుగు రోజులు పట్టింది, అందులో ఒకావిడ ఇప్పటికీ మాట్లాడటం లేదు. ఇంకో ఇద్దరైతే అసలు మాకు మెసేజే రాలేదు, మమ్మల్ని కావాలనే వదిలేశారు అన్నారు. నేను పంపాను, ఒట్టు.

శ్రావణం వచ్చేస్తోంది, అందరూ తొందరలో ఉంటారు. ఈసారి ఎవరి మనసూ నొప్పించకుండా చేయాలి. 47 మందికీ చెప్పాలా, 8 మందికే చెప్పాలా? మెసేజ్‌లో ఏం రాయాలి?

బోడుప్పల్_బాబాయ్
ఇందులో ఆలోచించేదేముందమ్మా, స్టేటస్‌లో ఫొటో పెట్టు, 8 ఉన్నాయి, ముందు డబ్బు వేసినవాళ్ళకే అని రాయి. రిఫండ్ తలనొప్పి వద్దనుకుంటే 8 అవగానే స్టేటస్ తీసెయ్యి. మెసేజ్ రాలేదన్నవాళ్ళ కోసం బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ పెట్టుకో, ఒక్క నొక్కుతో అందరికీ పోతుంది.

డబుల్_టిక్
బాబాయ్ చెప్పిన బ్రాడ్‌కాస్ట్‌లోనే తిరకాసు ఉంది. మన నంబరు వాళ్ళ ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ చేరుతుంది. మనం వాళ్ళ నంబరు సేవ్ చేసుకుంటే సరిపోదు. అక్కకి నారాయణపేట చీరలప్పుడు "రాలేదు" అన్న ఇద్దరూ అబద్ధం చెప్పలేదేమో. అక్కా, అది బ్రాడ్‌కాస్ట్‌లోనే పంపావా?

మల్కాజిగిరి_అక్క
అవును, బ్రాడ్‌కాస్టే. అయ్యో, ఆ ఇద్దరితో నేను కాస్త గట్టిగానే మాట్లాడాను.

డబుల్_టిక్
పంపిన ఆ మెసేజ్‌ని నొక్కి పట్టుకుంటే పైన ఇన్ఫో వస్తుంది, అందులో ఎవరికి చేరింది, ఎవరు చదివారు అని పేర్లు విడివిడిగా ఉంటాయి. చేరిన లిస్టులో వాళ్ళ పేర్లు లేకపోతే తప్పు వాళ్ళది కాదు, నీదీ కాదు. ఒకసారి చూసి ఫోన్ చేసి చెప్పు.

సైనిక్‌పురి_వేణు
దుపట్టా రేటెంత అండీ? మా ఆవిడకి ఒకటి కావాలి, ఇన్‌బాక్స్‌లో చెప్పండి.

ఎల్బీనగర్_రమ
వేణు గారూ, ఇక్కడ అమ్మకం జరగట్లేదు, ఎలా అమ్మాలో చర్చ జరుగుతోంది 😀 అక్కా, 48వ పేరు రాసుకో.

నూలుపోగు
నేను తొమ్మిదేళ్ళుగా ఇదే చేస్తున్నాను, గద్వాల, మంగళగిరి ఎక్కువ. మొదట్లో నేనూ అందరికీ ఒకేసారి పంపేదాన్ని, రెండు మూడు సార్లు దెబ్బ తిన్నాక మానేశాను.

అక్కా, నీ నోట్‌బుక్‌లో తారీఖులు ఉన్నాయన్నావు చూడు, సగం పని అక్కడే అయిపోయింది. తారీఖు ప్రకారం మొదటి 8 మందికే మెసేజ్ పెట్టు. బ్రాడ్‌కాస్ట్ వద్దు, ఒక్కొక్కరికి పేరు పెట్టి విడిగా పంపు. "మీ కోసం ఒకటి పక్కన పెట్టాను, రేపు రాత్రి 8 దాకా ఉంచుతాను" అని టైమ్ రాయి. ఆ మెసేజ్‌లో యూపీఐ నంబరు మాత్రం ఇవ్వకు. "కావాలంటే కావాలి అని రిప్లై ఇవ్వండి" అని మాత్రమే రాయి. వాళ్ళు రిప్లై ఇచ్చాక, పీస్ నీ చేతిలో ఉందని చూసుకున్నాక, అప్పుడు నంబరు పంపు. పోయినసారి 13 మంది వేయగలిగింది ఎందుకంటే మొదటి మెసేజ్‌లోనే డబ్బులు వేసే దారి ఇచ్చేశావు.

టైమ్ అయిపోయాక ఎన్ని మిగిలితే లిస్టులో తర్వాతి అంతమందికి పంపు. పోయిన దసరాకి నా దగ్గర గద్వాల చీరలు 12, లిస్టులో 40 మంది. మొదటి 12 మందిలో తీసుకున్నది 5 గురే. మిగతావాళ్ళలో కొందరు వేరే చోట కొనేసుకున్నారు, కొందరు అసలు రిప్లై ఇవ్వలేదు. రెండో విడతలో 7 గురికి పెడితే 4 పోయాయి, మూడో విడతలో 3 కి 3. మొత్తం ఐదు రోజులు పట్టింది కానీ ఒక్క రూపాయి కూడా తిరిగి పంపలేదు. 40 మందిలో 18 మంది దాకా నేను వెళ్ళనేలేదు.

బోడుప్పల్_బాబాయ్
ఐదు రోజులా! శ్రావణ శుక్రవారం అయిపోయాక దుపట్టా ఎవరికి కావాలమ్మా. సగం మందే తీసుకుంటారని నువ్వే అంటున్నావు కదా, మరి 8 కి బదులు 14 మందికి పంపితే ఒక్క రోజులో తేలిపోతుంది.

నూలుపోగు
ఆ లెక్క ఒక్కోసారి తప్పుతుంది బాబాయ్. 14 లో 10 మంది కావాలంటే ఆ ఇద్దరికి ఏం చెప్తారు? "మీ కోసం పక్కన పెట్టాను" అని రాశాక లేదంటే ఆ మాటకి విలువ ఉండదు.

బోడుప్పల్_బాబాయ్
అయితే "పక్కన పెట్టాను" అని రాయకు. "వచ్చింది, తొందరగా చెప్పండి" అని రాయి. ముందు కావాలన్నవాళ్ళకి ఇస్తాం. డబ్బులు తీసుకోలేదు కాబట్టి గొడవ ఉండదు.

షిఫ్ట్_డ్యూటీ
నేను కొనే పక్షం నుంచి చెప్తాను. బాబాయ్ గారి పద్ధతిలో నేను మూడు సార్లు పోగొట్టుకున్నాను. హైటెక్ సిటీలో నైట్ షిఫ్ట్ చేస్తాను, పొద్దున 7 కి పడుకుంటే సాయంత్రం 3 కి లేస్తాను. ఒకావిడ పొద్దున 11 కి పెడతారు, నేను లేచి చూసేసరికి కింద ఇంకో మెసేజ్ "అయిపోయాయి, థాంక్యూ" అని. ఆరు నెలలు ముందు పేరు ఇచ్చాను, నాకంటే వెనక ఇచ్చినవాళ్ళు పట్టుకుపోయారు. అలాంటప్పుడు లిస్ట్ ఎందుకు రాసుకున్నట్టు? ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నవాళ్ళకే దొరుకుతుంది.

నూలుపోగు గారు చెప్పినట్టు ఒక రాత్రి, ఒక పగలు రెండూ కలిసేలా టైమ్ ఇస్తే నాలాంటి వాళ్ళకి న్యాయం. ఇంకోటి, రేటు మెసేజ్‌లోనే రాయండి. "ఇన్‌బాక్స్ ప్లీజ్" అంటే అడిగి, రిప్లై కోసం చూసి, ఆ లోపు టైమ్ అయిపోతుంది.

ఎల్బీనగర్_రమ
రేటు సంగతి నేనూ అడగబోయాను. పాత రేటేనా అక్కా?

మల్కాజిగిరి_అక్క
అదే ఇంకో ఇబ్బంది. జనవరిలో 3,200 కి ఇచ్చాను. ఇప్పుడు నేత దగ్గరే పెరిగింది, 3,500 పెడితేనే నాకు ఏదైనా మిగులుతుంది. పేరు రాయించుకున్నప్పుడు అందరికీ 3,200 అనే చెప్పాను మరి.

బోడుప్పల్_బాబాయ్
లిస్టులో ఉన్నవాళ్ళకి పాత రేటుకే ఇవ్వాలి. మాట మాటే.

నూలుపోగు
మాట ఇచ్చింది వస్తే చెప్తానని, రేటు ఆపుతానని కాదు. అడ్వాన్స్ తీసుకుని ఉంటే వేరే సంగతి. కాకపోతే రేటు పెరిగిందన్న విషయం దాచకుండా రాయాలి, "జనవరిలో 3,200 ఉండేది, ఇప్పుడు 3,500" అని రెండు అంకెలూ. రిప్లై ఇచ్చాక చెప్తే మోసపోయామనుకుంటారు.

షిఫ్ట్_డ్యూటీ
నాకైతే రెండు అంకెలూ కనిపిస్తే చాలు. కావాలో వద్దో నేను తేల్చుకుంటాను.

నేతింటి_బిడ్డ
మాది పుట్టపాక పక్కనే, మా ఇంట్ల రెండు గుంట మగ్గాలున్నయి. అక్కా, మెసేజ్ పెట్టే ముందు ఒక పని చెయ్యి. ఎనిమిది అని రాసేముందు ఎనిమిదీ మడత విప్పి, కిటికీ కాడ వెలుగుకు పట్టి చూడు. తేలియాల పడుగు, పేక రెండిటికీ ముందే చిటికి కట్టి రంగు అద్దుతం కదా, నేసేటప్పుడు ఆ రెండు రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గ కూసోవాలె. ఒక్క పోగు జరిగినా గడి అంచు చెదిరినట్టు అవుపడతది. కొంచెం చెదిరితే అది చేనేతే, తప్పు కాదు. రెండు వేళ్ళ మందం జరిగితే మాత్రం కొనేటోళ్ళు అడుగుతరు. మడత మీద చూస్తే తెల్వదు.

ఇంకోటి వాసన. కొత్త తేలియాకు నూనె వాసన ఉంటది. నూలును నూనెల, ఆముదం కాయల బూడిద నీళ్ళల్ల మళ్ళమళ్ళ పిసికి ఆరబెడతం, రోజుల తరబడి. అందుకే ఆ మెత్తదనం, అందుకే ఆ పేరు. తెల్వనోళ్ళు పార్సిల్ విప్పంగనే ఇదేంది, పాత సరుకు పంపిన్రు అని ఫోన్ చేస్తరు. మెసేజ్‌లనే ఒక మాట రాస్తే అయిపాయె.

మల్కాజిగిరి_అక్క
జనవరిలో ఇద్దరు సరిగ్గా ఇదే అడిగారు! ఒకావిడ అయితే వంటింట్లో పెట్టి ఉంచావా అంది. విప్పి చూసి వచ్చి చెప్తాను, ఉండండి.

ఎల్బీనగర్_రమ
నేతింటి_బిడ్డ గారూ, ఎనిమిదే ఎందుకు పంపుతారు? 47 మంది ఉన్నారంటే 47 నేయొచ్చు కదా, అమ్ముడుపోతాయి కూడా.

నేతింటి_బిడ్డ
మా ఇంట్ల తేలియా దుపట్టాలకు ఒక పడుగు ఎక్కిస్తే ఎనిమిది దిగుతయి. 47 అంటే ఆరు పడుగులు. ఒక్కో పడుగుకు మళ్ళ నూనె, మళ్ళ చిటికి కట్టుడు, మళ్ళ రంగు, మళ్ళ ఆరబెట్టుడు. చిటికి కట్టుడంటే సైకిల్ ట్యూబ్ రబ్బరును సన్నగ కోసి, రంగు పడొద్దన్న కాడల్లా పోగుల మీద గట్టిగ చుట్టుడు. మా అమ్మ పొద్దున కూసుంటే పొద్దు గూకేదాంక అదే పని. ఎర్రకు ఒకసారి, నల్లకు ఒకసారి. ఇగ ఇప్పుడు వానలు. నూలు ఆరదు, గుంటల నీళ్ళు ఊరుతయి, రెండు దినాలు మగ్గం దిక్కే పోము.

అందుకే అక్కకు ఒక్క మాట చెప్తున్న, దొరకనోళ్ళకు "ఇంకో రెండు వారాలల్ల వస్తయి" అని రాయకు. ఆ మాట అన్నంక నువ్వు మాకు ఫోన్ చేస్తవు, మేము ఉరుకులాడి నేస్తం, చిటికి జరుగుతది.

షిఫ్ట్_డ్యూటీ
ఇది కొనేవాళ్ళకి కూడా తెలియాలి. నేను అడిగినప్పుడల్లా "త్వరలో" అంటే ఎందుకో అర్థమయ్యేది కాదు.

మల్కాజిగిరి_అక్క
విప్పి చూశాను. ఏడు బాగున్నాయి. ఒకదానికి కొంగు దగ్గర ఒక వరుస గళ్ళు పక్కకి జరిగాయి, సరిగ్గా రెండు వేళ్ళ మందం. మడతలో ఉన్నంతసేపు కనిపించలేదు. చెప్పి మంచి పని చేశావు తమ్ముడూ, ఆ ఎనిమిదోది కూడా ఎవరికో పక్కన పెట్టేసేదాన్ని. అంటే ఇప్పుడు 7.

నేతింటి_బిడ్డ
ఆ ఒక్కదానికి నేతోళ్ళ పైసలు మాత్రం కోయకక్కా. అది మగ్గం మీద కాదు, మగ్గం ఎక్కక ముందు ఆసు మీద నూలు పోసే కాడ ఒక పోగు జారి ఉంటది.

మల్కాజిగిరి_అక్క
కోయను. లాట్ మొత్తానికి డబ్బు ఇచ్చేశాను.

నూలుపోగు
ఆ ఎనిమిదోదాన్ని లిస్టులో కలపకు. ముందు 7 వెళ్ళనీ, తర్వాత లోపం కనిపించేలా ఫొటో తీసి తక్కువ రేటుకి విడిగా చెప్పు.

ఫొటో అంటే గుర్తొచ్చింది, జనవరి ఫొటో మళ్ళీ పంపకు. ఈ లాట్‌ది కొత్తగా తీయి, పగటి వెలుగులో, లైటు వేయకుండా. ఎరుపు ఒక లాట్‌కీ ఇంకో లాట్‌కీ ఒకేలా ఉండదు.

మల్కాజిగిరి_అక్క
నిజమే, పక్కన పెట్టి చూస్తే ఈసారి ఎరుపు కొంచెం ముదురుగా ఉంది, ఇటుక రంగు వైపు. జనవరిది నా దగ్గర ఒకటి ఉంది, నేను వేసుకునేది. సరే, మీరంతా చెప్పింది కలిపి రాశాను, చూడండి.

"___ గారూ, మీరు జనవరిలో అడిగిన ఎరుపు-నలుపు తేలియా దుపట్టా మళ్ళీ వచ్చింది. ఈసారి 7 మాత్రమే వచ్చాయి. లిస్టులో మీ వంతు కాబట్టి మీ కోసం ఒకటి పక్కన పెట్టాను, గురువారం రాత్రి 8 వరకు ఉంచుతాను. ధర 3,500, పోయినసారి 3,200 ఉండేది, నేత దగ్గర పెరిగింది. హైదరాబాద్‌లో కొరియర్ చార్జీ లేదు. ఎరుపు పోయినసారి కంటే కొంచెం ముదురు, ఫొటో ఈ రోజు తీసిందే. కొత్తలో నూనె వాసన ఉంటుంది, నూలుని నూనెలో నానబెట్టి చేస్తారు కాబట్టి, నీడలో గాలికి ఆరేస్తే తగ్గుతుంది. తీసుకుంటే 'కావాలి' అని, మీ అడ్రస్ పంపండి, డబ్బులు పంపే నంబరు అప్పుడు ఇస్తాను. వద్దనుకుంటే 'వద్దు' అని ఒక్క మాట చెప్పండి, తర్వాత వారికి ఇస్తాను. ఒకరికి ఒక్కటే."

షిఫ్ట్_డ్యూటీ
ఇలాంటి మెసేజ్ వస్తే నేను అడగడానికి ఇంకేం మిగల్లేదు.

బోడుప్పల్_బాబాయ్
కాస్త పొడుగైంది. మా వయసువాళ్ళు ఇంత చదవరు. "కావాలి", "వద్దు", టైమ్ ఈ మూడూ పైకి తెచ్చెయ్యి, నూనె, ఇటుక రంగు కింద పెట్టు.

నూలుపోగు
ఇది మాత్రం బాబాయ్ కరెక్టు. మొదటి రెండు లైన్లే నోటిఫికేషన్‌లో కనిపిస్తాయి. "వచ్చింది, మీ కోసం ఒకటి ఉంచాను, గురువారం రాత్రి 8 వరకు" అన్నది అక్కడ పడాలి.

డబుల్_టిక్
ఏడుగురికి విడివిడిగా పంపితే ఏ ఇబ్బందీ లేదు. కానీ ఇదే మెసేజ్‌ని 47 మందికి గబగబా కాపీ పేస్ట్ చేస్తే, అందులో నలుగురైదుగురు రిపోర్ట్ కొడితే నంబరు మీద ఆంక్ష పడే ప్రమాదం ఉంది. విడతలుగా పంపితే ఆ బాధా తప్పుతుంది. ఎవరో ఎస్ఎంఎస్ పెట్టమని సలహా ఇస్తారేమో, బల్క్ ఎస్ఎంఎస్‌కి టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో రిజిస్టర్ అవ్వాలి, మెసేజ్ నమూనా కూడా ముందే ఆమోదం తెచ్చుకోవాలి, 47 మంది కోసం అంత అక్కర్లేదు.

ఒక్క టిక్ మీదే ఆగిపోయినవాళ్ళకి మాత్రం సాయంత్రం ఒక ఫోన్ కాల్ చెయ్యి. చేరని మెసేజ్‌కి టైమ్ పెట్టడం అన్యాయం.

బోడుప్పల్_బాబాయ్
డబ్బు విషయంలో ఒకటి, స్క్రీన్‌షాట్ చూసి పంపెయ్యకు. మా అబ్బాయి షాపులో పాత స్క్రీన్‌షాట్‌కి తారీఖు మార్చి పంపారు. నీ బ్యాంకు యాప్‌లో జమ అయిందా లేదా అదే చూడు.

నూలుపోగు
ఏడుగురూ ఒకే 3,500 వేస్తారు, కొందరు భర్త ఫోన్ నుంచి వేస్తారు, ఎవరిది ఎవరిదో తెలియదు. డబ్బులు వేసేటప్పుడు నోట్‌లో వాళ్ళ లిస్ట్ నంబరు రాయమను, "తేలియా 3", "తేలియా 6" అలా. నాకు దానితోనే తేలికైంది.

మల్కాజిగిరి_అక్క
అలాగే చేస్తాను. రేపు బుధవారం పొద్దున 10 కి మొదటి 7 గురికి పంపుతున్నాను.

సైనిక్‌పురి_వేణు
నా పేరు రాసుకున్నారు కదా?

ఎల్బీనగర్_రమ
48 వేణు గారూ, 48. మీ ఆవిడకి దసరా అని చెప్పండి.

నేతింటి_బిడ్డ
దసరా అని కూడా చెప్పకున్రి.

మల్కాజిగిరి_అక్క
శుక్రవారం మధ్యాహ్నం, ఇప్పటిదాకా అయింది చెప్తాను, ఒక చోట ఇరుక్కున్నాను.

మొదటి ఏడుగురిలో నలుగురు "కావాలి" అన్నారు, నలుగురూ డబ్బు వేశారు, బ్యాంకులో చూసుకున్నాను, పార్సిల్ కూడా వెళ్ళిపోయింది. ఒకావిడ వేరే చోట కొనుక్కున్నాను, పేరు తీసేయండి అంది. ఒకరిది ఒక్క టిక్, రెండు సార్లు ఫోన్ చేశాను, స్విచాఫ్. ఆరో నంబరు ఆవిడ చదివారు, రిప్లై లేదు. గురువారం రాత్రి 8 దాటాక 3 మిగిలాయి. ఈ రోజు పొద్దున 10 కి 8, 9, 10 నంబర్లకి శనివారం రాత్రి 8 వరకు టైమ్ ఇచ్చి పంపాను. ఇద్దరు గంటలోనే తీసుకున్నారు. పదో ఆవిడ 3,500 ఎక్కువ అని వద్దంది, మంచిగానే చెప్పింది. వెంటనే 11వ నంబరుకి పంపాను, 11.15 కి.

ఒంటిగంటకి ఆరో నంబరు ఆవిడ మెసేజ్ చేశారు. "అత్తగారింట్లో బోనాలు, ఫోన్ చూడలేదు, నాది ఉంచారు కదా" అని. ఉన్నది ఒక్కటే, అది 11వ ఆవిడకి పక్కన పెట్టానని రాసేశాను, ఆవిడ ఇంకా చదవలేదు. ఆరో ఆవిడ నాకు పాత కస్టమర్, నాలుగు సార్లు కొన్నారు. ఏం చేయను?

బోడుప్పల్_బాబాయ్
ఇంకా చదవలేదు అంటున్నావు కదా, 11వ ఆవిడ మెసేజ్ డిలీట్ చేసెయ్యి. పాత కస్టమర్‌ని వదులుకుంటావా ఏంటి.

ఎల్బీనగర్_రమ
బోనాలప్పుడు ఫోన్ ఎవరు చూస్తారు పాపం. ఆవిడకే ఇవ్వాలి అనిపిస్తోంది నాకు కూడా.

షిఫ్ట్_డ్యూటీ
డిలీట్ చేస్తే "ఈ మెసేజ్ డిలీట్ చేశారు" అని కనిపిస్తుంది. ఆ 11వ ఆవిడ నాలాగా నిద్రలో ఉండొచ్చు. లేచి అది చూస్తే ఏమనుకోవాలి?

నూలుపోగు
నేనైతే 11వ ఆవిడకే ఉంచుతాను. శనివారం 8 దాకా అని రాశావు. ఆరో ఆవిడకి జరిగింది ఉన్నదున్నట్టు చెప్పు, 11 వద్దంటే మీకే అని చెప్పు, తర్వాతి లాట్‌లో మొదటి పేరు మీదే అని నోట్‌బుక్‌లో రాసి ఆ పేజీ ఫొటో పంపు. పండగ రోజుల్లో మాత్రం గడువు రెండు రోజులు పెట్టుకోవాల్సింది, ఆ తప్పు నాది కూడా, నాకు తట్టలేదు.

బోడుప్పల్_బాబాయ్
నేను ఒప్పుకోను. వ్యాపారంలో నాలుగు సార్లు కొన్న మనిషికీ, ఒక్కసారి అడిగిన మనిషికీ తేడా ఉండాలి.

డబుల్_టిక్
ఆ తేడా ఉండాలంటే లిస్ట్ రాసేటప్పుడే ఉండాలి బాబాయ్, పాతవాళ్ళకి ముందు అని. మధ్యలో మారిస్తే ఎలా.

మల్కాజిగిరి_అక్క
ఆదివారం. 11వ ఆవిడ శనివారం పొద్దున 7 కి తీసుకున్నారు, షిఫ్ట్_డ్యూటీ అన్నట్టే, హాస్పిటల్లో నైట్ డ్యూటీ అట. ఏడూ అయిపోయాయి, రిఫండ్ ఒక్కటి కూడా లేదు. నేను మెసేజ్ పెట్టనే లేని మిగతా 36 మందికి "వచ్చినవి 7, లిస్టులో ముందున్నవారికి వెళ్ళాయి, మీ నంబరు ఇప్పుడు ఇది" అని కొత్త నంబరుతో రోజుకి కొంతమందికి పంపుతున్నాను. తర్వాత ఎప్పుడు అని తారీఖు రాయలేదు. నారాయణపేట చీరలప్పుడు మెసేజ్ చేరని ఇద్దరికీ ఫోన్ చేసి మాట్లాడాను.

ఆరో ఆవిడ కొంచెం నొచ్చుకున్నారు, దాచను. నోట్‌బుక్ పేజీ ఫొటో పంపాక మామూలుగా మాట్లాడారు. తర్వాత ఆ ఎనిమిదో దుపట్టా గురించి చెప్పి, గళ్ళు జరిగిన చోట నా రెండు వేళ్ళు పెట్టి ఫొటో తీసి పంపాను, 2,600 అన్నాను. "కొంగు మడతలోకి పోయేలా వేసుకుంటే కనిపించదేమో, పొద్దున వెలుగులో ఇంకో ఫొటో పంపు, చూసి చెప్తాను" అన్నారు.

నేతింటి_బిడ్డ
ఫొటో తూర్పు దిక్కు కిటికీ కాడ తియ్యక్కా, ఎరుపు మంచిగ పడతది. మా ఇంట్ల కొత్త పడుగుకు నూలు నూనెల పడ్డది నిన్ననే. ఇయ్యాల మళ్ళ ముసురు పట్టింది.